శోభ విప్పిన బీరువాల లెక్క

గోదావరిఖనిలో ఉపేందర్ బీరువాల దుకాణానికి వెళ్తే మొదట వినపడేది గ్రైండర్ చప్పుడు, ఆ తర్వాత శోభ గొంతు. రెండింటిలో ఏది పెద్దదో చెప్పడం కష్టం. వెనక షెడ్డులో ఇనుప రేకులు కోసి, అతికించి, రంగు కొడుతుంటారు. ముందు గదిలో తయారైన బీరువాలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి పక్కన ఒక టేబులు, దాని మీద కంప్యూటరు, దాని వెనక శోభ. ఏళ్ల తరబడి ఆ గ్రైండర్ మీదుగా మాట్లాడి మాట్లాడి ఆమె మెల్లగా మాట్లాడటమే మరిచిపోయింది. కూరలో ఉప్పు తక్కువైందని ఇంట్లో చెప్పినా వాడకట్టంతా వింటుందని ఆమె మొగుడే నవ్వుతాడు.

నా పేరు అంజి. గనిలో సపోర్టు పని చేస్తాను. పైకప్పు కూలకుండా దన్ను పెట్టే పని అది. శోభ తండ్రి కూడా నాతోపాటు అదే పని చేసి రిటైరయ్యాడు కాబట్టి ఆమెను గౌనేసుకుని తిరిగిన రోజుల నుంచీ ఎరుగుదును. అప్పుడూ మొండిదే. కామర్సులో డిగ్రీ చేసింది. మొగుడిది రామగుండం కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. ఆ ఒక్క జీతంతో ఇల్లు నడవదని ఈ దుకాణంలో బిల్లులు కొట్టడానికి చేరింది.

చేరినప్పుడు ఉపేందర్ పరిస్థితి చూడాలి. ఇనుముతో ఏం చేయమన్నా చేస్తాడు గానీ, కాగితం చూస్తే అతనికి చెమటలు పడతాయి. జీఎస్టీ వచ్చిన కొత్తలో బిల్లు ఎలా కొట్టాలో చూపించడానికి కరీంనగర్ నుంచి ఒకాయన వచ్చాడు. ఈ గడిలో ఇది కొట్టు, ఆ గడిలో అది కొట్టు అని చెప్పి లేవబోతే శోభ కదలనివ్వలేదట. తగ్గింపు ముందు తీసేసి, మిగిలిన దాని మీదే పన్ను ఎందుకు వేయాలో చెప్పి పొమ్మంది. ఆయన చెప్పాడు. అర్థం కాలేదంటే మళ్లీ చెప్పాడు. "నాకు తెల్వనిది నా చేతితోని కొట్ట" అని ఆ రోజు అన్న మాట మీద ఆమె ఇప్పటికీ నిలబడే ఉంది. అలాంటి మనిషితో వేగడం కష్టమే. అలాంటి మనిషి ఒక్కరు లేకపోతే ఊరికి ఎంత కష్టమో మాత్రం పోయిన ఎండాకాలం మాకు తెలిసొచ్చింది.

మా షిఫ్టు వాళ్లకొక అలవాటుంది. దసరా ముందు కంపెనీ లాభాల వాటా ఖాతాలో పడగానే అందరం కలిసి ఒకే వస్తువు కొంటాం. పది మంది కలిస్తే బేరం తెగుతుంది. ఒక ఏడాది కూలర్లు కొన్నాం, ఒక ఏడాది ఫ్రిజ్జులు కొన్నాం, పోయిన దసరాకు బీరువాలు కొన్నాం. అందరి తరఫున బేరానికి పోయేది ఎప్పుడూ ఎల్లేశం అన్నే.

ఎల్లేశం అన్న మా సర్దార్. గని తెలియనివాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పాలి. మేం పనిచేసే చోటికి మాకంటే ముందు వెళ్లి, చేతికర్రతో పైకప్పును కొట్టి, ఆ చప్పుడు వినేవాడు సర్దార్. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. ఆయన విని "పోవచ్చు" అంటే మేం కిందికి వెళ్తాం, "ఆగు" అంటే ఆగుతాం. ఆ ఒక్క మాట మీద మా ప్రాణాలు పెట్టి పనిచేస్తాం. అలాంటివాణ్ణి బీరువా బేరంలో నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతాం?

ఉపేందర్ చెప్పిన రేటు ఇరవై వేలు. అందరూ కలిసి తీసుకుంటున్నారు కాబట్టి పది శాతం తగ్గింపు, మిగిలిన దాని మీద పద్దెనిమిది శాతం పన్ను. ఎల్లేశం అన్న వచ్చి మాకు ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. పండగ హుషారులో ఎవడు విన్నాడు గనక? రేటు ఇరవై వేలు, తగ్గింపు పది శాతం అన్నంత వరకు విన్నాం. ఒక్కొక్కరం 21,240 రూపాయలు ఫోన్‌లో దుకాణానికి కొట్టేసి, బీరువాలు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చుకున్నాం. తగ్గింపు అందరికీ కలిపి ఇచ్చింది కాబట్టి బిల్లు కూడా అందరికీ కలిపి ఎల్లేశం అన్న పేరు మీద ఒకటే ఇచ్చారు.

ఎండాకాలంలో గొడవ మొదలుపెట్టింది భూపాల్. బొగ్గెత్తే మిషన్ నడుపుతాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే రెండేళ్ల కింద ఒక చిట్టీలవాడు ఇతని లక్షన్నర మింగి పరారయ్యాడు. పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగినట్టు, అప్పటి నుంచి అతనికి ప్రతిదాని మీదా అనుమానమే. ఒకరోజు క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ, రేటు ఇరవై వేలైతే, అందులో తగ్గింపు ఇస్తే, మనం ఇరవై ఒక్క వేల పైన ఎందుకు కట్టినమని అడిగాడు. అడగడంలో తప్పు లేదు. కొనేనాడు అడిగి ఉంటే ఇంకా బాగుండేది.

అడిగి ఊరుకోకుండా ఫోన్ తీసి లెక్క కట్టాడు. కట్టిన 21,240లో పద్దెనిమిది శాతం పన్ను తీసేశాడు. 17,416 మిగిలింది. దానికి తగ్గించిన పది శాతం మళ్లీ కలిపాడు. 19,158 వచ్చింది. అంటే అసలు రేటు అదేనట. ఎల్లేశం మనకు ఇరవై వేలని చెప్పి, తలా ఎనిమిది వందల నలభై దుకాణంవాడితో కలిసి తిన్నాడట. మేం కొన్న పద్దెనిమిది బీరువాల మీద పదిహేను వేలు దాటిందట. ఫోన్ అందరికీ చూపించాడు. తెర మీద అంకెలు కనపడ్డాక ఇంకెవరికైనా అనుమానం వస్తుందా? నాకు లెక్కలు రావు గానీ మనిషి తెలుసు. ఎల్లేశం అన్న అలాంటివాడు కాదని నేనన్నాను. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని పక్కనున్నవాళ్లు అన్నారు. బొగ్గు గనిలో పనిచేసేవాళ్లు అనాల్సిన మాటేనా అది? బొగ్గు ఎవరూ అంటించకుండా తనంతట తనే వేడెక్కి పొగ లేస్తుందని మాకు తెలియదా?

మాట ఎల్లేశం అన్న దాకా పోయింది. ఆయన నవ్వి, బిల్లు ఇంట్లో భద్రంగా ఉంది, రేపు తెస్తానన్నాడు. తెచ్చాడు. అదెంత భద్రంగా ఉందో చూస్తే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నలుగురి కాగితం కదా, చినిగిపోకుండా ఉండాలని జిరాక్సు సెంటర్‌లో దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాడట. దుకాణం బిల్లు కాగితం వేడి తగిలితే నల్లబడే రకం. తొడుగు అతికించే మిషన్ వేడికి ఆ కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా బొగ్గు పలకలా నల్లగా అయిపోయింది. ఒక్క అక్షరం కనపడదు. వేయించుకున్నాక ఒక్కసారి తిప్పి కూడా చూడకుండా బీరువాలో పెట్టాడు మహానుభావుడు. భూపాల్ ఆ నల్ల కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడు. అతను తిట్టినా అంత బాధ అనిపించేది కాదు.

ఆ మర్నాడు పొద్దున షిఫ్టులో జరిగింది అసలు సంగతి. ఎల్లేశం అన్న కప్పు కొట్టి చూసి "పోవచ్చు" అన్నాడు. భూపాల్ కదలలేదు, అతన్ని చూసి మిగతావాళ్లూ ఆగారు.

"ఓవర్‌మన్ సార్ వచ్చి చూసినంక పోత" అన్నాడు.

ఓవర్‌మన్ అంటే సర్దార్ పైన ఉండే మనిషి. ఆయన వచ్చి, కప్పు చూసి, బాగానే ఉంది కదా, ఎందుకు ఆగారని అడిగాడు. నేను ముందుకు నడిచాను. కొందరు నా వెనక వచ్చారు, కొందరు ఓవర్‌మన్ పొమ్మన్నాక వచ్చారు. ఎల్లేశం అన్న చేతిలో కర్ర అలాగే ఉంది. ముప్పై ఏళ్లలో ఆయన పోవచ్చన్నాక ఒక్క మనిషి కూడా ఆగింది లేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య లస్మవ్వ గుమ్మంలోనే పట్టుకుంది. అన్నం ముట్టలేదని చెప్పింది. ఎల్లేశం అన్న మంచం మీద కూర్చొని ఉన్నాడు. సర్దార్ పని వద్దని, బయట ఏదైనా పని ఇవ్వమని రేపే మేనేజర్‌ను అడుగుతానన్నాడు. ఎనిమిది వందల రూపాయలకు ఇంత దూరమా అని నేనన్నాను.

"పైసల ముచ్చట గాదు అంజి" అన్నాడాయన. "నేను ఆగుమన్ననాడు గూడ వాడు ఇనకపోతే ఏమైతది? నా మాట ఇనని మనిషిని నేనెట్ల కాపాడుత?"

ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. అక్కడి నుంచి నేరుగా దుకాణానికి వెళ్లి, శోభకు మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కటే ప్రశ్న వేసింది, భూపాల్ ఏ లెక్క చేశాడో వరసగా చెప్పమంది. చెప్పాను. విని కుర్చీలో వెనక్కి వాలింది. "భూపాల్ అన్నను జల్ది తోల్కరా. ఇంకెవ్వలు నమ్మరో వాళ్లను గూడ తీస్కరా. ఇప్పుడే" అంది.

మా క్వార్టర్లన్నీ దగ్గర దగ్గరే. చీకటి పడకముందే భూపాల్, ఇంకో ఏడెనిమిది మంది దుకాణంలో బీరువాల మధ్య నిలబడి ఉన్నారు. ఎల్లేశం అన్న రానన్నాడు, నేను బలవంతం చేయలేదు. ఉపేందర్ భయపడి, కంప్యూటర్‌లో బిల్లు ఇంకో కాపీ తీసి చూపిస్తే సరిపోతుందన్నాడు. భూపాల్ వెంటనే, కంప్యూటర్‌లో ఏది కొడితే అది వస్తుందన్నాడు. శోభకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అతను చెప్పింది నిజమేనని ఒప్పుకుని, కాపీ తీసి టేబులు మీద బోర్లా పెట్టింది. గ్రైండర్ ఆపించింది. భూపాల్‌ను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, అతని ఫోనే తీయమంది. లెక్క అంతా అతని వేళ్లతోనే చేయిస్తానంది.

"నీ లెక్కల అసలు రేటు ఎంత వచ్చిందన్నా?"

"పంతొమ్మిది వేల నూట యాభై ఎనిమిది."

"మంచిది. గా రేటుకు నేను నీకు ఇప్పుడు బిల్లు చేస్త. పది శాతం తగ్గియ్యి. మిగిలిన దాని మీద పద్దెనిమిది శాతం పన్ను కలుపు."

భూపాల్ కొట్టాడు. పది శాతం పోతే 17,242. దాని మీద పన్ను 3,103. మొత్తం 20,345 చిల్లర. అతను తలెత్తి గెలిచినట్టు చూశాడు. మనం కట్టింది ఇరవై ఒక్క వేల రెండు వందల నలభై కదా, ఆ మీది తొమ్మిది వందలే కదా తిన్నదన్నాడు. వెనక ఉన్నవాళ్లు గొణిగారు. లెక్క చూపించమని తీసుకొచ్చి అన్నను ఇంకా ముంచానా అనిపించింది.

శోభ మాత్రం ఆ మాట కోసమే కాచుకున్నట్టు ముందుకు వంగింది.

"నువ్వు బయలెల్లిందే ఇరవై ఒక్క వేల రెండు వందల నలభై కాడి నుంచి గదా. ఆడి నుంచి ఎనకకు నడిచి ఈ రేటు కాడికి వచ్చినవ్. పోయిన తొవ్వనే తిరిగొస్తే బయలెల్లిన కాడికే రావాలె. నువ్వు వేరే కాడికి వచ్చినవంటే తొవ్వ తప్పినట్టు. తొవ్వ తప్పినోడు ఆడ ఎవలో దొంగ ఉన్నడంటే ఎట్ల?"

భూపాల్ ఫోన్ వైపు, ఆమె వైపు చూశాడు. అప్పుడు శోభ తప్పెక్కడ జరిగిందో చెప్పింది. ఆమె మాటలన్నీ ఇక్కడ రాయలేను గానీ సారం ఇది. మనందరికీ పన్ను అంటే పే స్లిప్పులో కనపడేదే. పైన మొత్తం ఉంటుంది, అందులోంచి కోస్తారు, మిగిలింది చేతికొస్తుంది. ఆ అలవాటుతో భూపాల్ చివరి అంకెను మొత్తం అనుకుని, అందులోంచి పద్దెనిమిది శాతం కోశాడు. దుకాణం బిల్లులో పన్ను కోసేది కాదు, పైన కలిపేది. తగ్గింపు పోగా మిగిలిన ప్రతి వందకూ పద్దెనిమిది కలిపితే నూట పద్దెనిమిది అవుతుంది. చేతిలో ఉన్న 21,240లో ప్రతి నూట పద్దెనిమిదికీ ఒక వంద మాత్రమే అసలు, మిగతా పద్దెనిమిది పన్ను. కాబట్టి నూట పద్దెనిమిదితో భాగించి వందతో హెచ్చించాలి.

భూపాల్ భాగించాడు. సరిగ్గా 180 వచ్చింది. వందతో హెచ్చిస్తే 18,000. పైసా కూడా మిగల్లేదు. అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఇప్పుడు దీనికి పది శాతం కలిపితే పంతొమ్మిది వేల ఎనిమిది వందలే కదా, ఇరవై వేలు ఎక్కడిదన్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్న తొందర ఉంది.

రెండో తప్పు అదేనంది శోభ. తగ్గించిన పది శాతం పాత రేటు మీద లెక్క కట్టింది, మిగిలిన దాని మీద కాదు. వందలో పది పోతే తొంభై. ఆ తొంభైకి పది శాతం కలిపితే తొంభై తొమ్మిదే అవుతుంది, వంద కాదు. ఈ పద్దెనిమిది వేలు పాత రేటులో వందకు తొంభై వంతులు. తొంభైతో భాగించి వందతో హెచ్చించమంది. భూపాల్ మెల్లగా కొట్టాడు. రెండు వందలు. వందతో హెచ్చిస్తే ఇరవై వేలు.

ఫోన్ తెర మీద ఆ అంకె గుండ్రంగా నిలబడింది. ఎల్లేశం అన్న దసరా ముందు చెప్పిన అంకె అది. ఎవరూ చెప్పకముందే భూపాల్ దాన్ని మళ్లీ ముందుకు కొట్టి చూసుకున్నాడు. ఇరవై వేలలో రెండు వేలు పోతే పద్దెనిమిది వేలు, దాని మీద పన్ను మూడు వేల రెండు వందల నలభై, మొత్తం 21,240. బయలుదేరిన చోటికే వచ్చాడు. రేటు కంటే ఎక్కువ ఎందుకు కట్టామన్న మొదటి ప్రశ్నకు కూడా జవాబు అక్కడే ఉంది. తగ్గింది రెండు వేలైతే, కలిసింది మూడు వేల పైన.

బోర్లా పెట్టిన బిల్లు కాపీని శోభ అప్పుడు తిప్పింది. ఎవరూ దాని వైపు చూడలేదు.

ఇంకొకరైతే అక్కడితో ఆగేవారు. శోభ ఆగలేదు. గ్రైండర్ ఆగి ఉన్న ఆ గదిలో ఆమె గొంతు మొదటిసారి చిన్నగా వినపడింది.

"లెక్క తప్పుడు పెద్ద ముచ్చట గాదన్నా, నేను గూడ తప్పిన. మా బాపు సగం సర్వీసు ఎల్లేశం కాక మాట మీద కప్పు కిందికి పోయిండు. దినాం సక్కగ ఇంటికొచ్చిండు, ఇంటికాడ మేం బువ్వ తిన్నం. గసుంటి మనిషి మాటను నువ్వు పొద్దున అందరి ముంగట పక్కకు పెట్టినవ్. గది ఏ మిషన్ల కొట్టి సరిచేస్తవో నువ్వే చూస్కో."

భూపాల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లేచి వెళ్లిపోయాడు. నాకు అతని మీద కోపం పోయిందని చెప్పను. శోభను చూస్తే మాత్రం, నా కూతురే ఇలా మాట్లాడినట్టు పొంగిపోయాను. అదే మాట ఆమెతో అంటే, పొగిడింది చాలు, దుకాణం కట్టేసే వేళయింది లెమ్మంది.

ఇంటికి పోతూ ఎల్లేశం అన్నకు లెక్క తేలిందని చెప్పాను. ఆయన సంతోషపడలేదు. లెక్క తేలింది గానీ, మాట తేలలేదన్నాడు. అయినా మేనేజర్ దగ్గరికి పోయే ముందు ఒక్క షిఫ్టు దిగి చూడమని లస్మవ్వా నేనూ బతిమాలితే ఒప్పుకున్నాడు.

తర్వాత జరిగింది శోభ చూడలేదు. ఆమె గనిలోకి రాదు కదా. తన లెక్క ఎక్కడిదాకా పోయిందో ఆమెకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

మర్నాడు పొద్దున షిఫ్టులో దిగాం. పని జరిగే చోటు ఇంకాస్త ముందుకు జరిగింది కాబట్టి ఆ రోజు కప్పు కొత్తది. దాని కిందికి ఇంకా ఎవరూ వెళ్లలేదు. ఎల్లేశం అన్న కర్ర ఎత్తి కొట్టాడు. మూలమూలనా కొట్టాడు. ఒకసారి విన్న చోటే మళ్లీ విన్నాడు. అంతసేపు ఆయన ఎప్పుడూ చూడలేదు. మేమంతా వెనక నిలబడ్డాం. చివరకు ఆయన కర్ర దించి, మా వైపు చూడకుండానే "పోవచ్చు" అన్నాడు.

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు. భూపాల్ అందరినీ తోసుకుని ముందుకు వచ్చాడు. సరిగ్గా ఆ కొత్త కప్పు కిందికి, నడిమధ్యకు వెళ్లి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, "రాండ్రి, సర్దార్ చెప్పిండు గదా" అని మమ్మల్ని పిలిచాడు.

మేం వెళ్లాం. ఎల్లేశం అన్న మాకు ముఖం కనపడకుండా టోపీ మీది దీపం గోడ వైపు తిప్పుకున్నాడు.